ఒకే కడుపు, రెండు రాళ్లు, నాలుగు యంత్రాలు

ఒకే రాత్రి ఒకే ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఇద్దరు కడుపునొప్పితో వచ్చారనుకుందాం. ఒకరు నలభై అయిదేళ్ల గృహిణి. పెళ్లి భోజనం చేసి ఇంటికొచ్చిన రెండు గంటలకు కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. అది కుడి భుజం వెనక్కి పాకింది, రెండుసార్లు వాంతి అయింది. రెండో మనిషి ముప్పై అయిదేళ్ల తాపీమేస్త్రి. రోజంతా ఎండలో పని, తాగే నీళ్లు తక్కువ. నడుం పక్కన పుట్టిన నొప్పి గజ్జల్లోకి దిగుతోంది. పడుకోలేడు, కూర్చోలేడు, మంచం చుట్టూ తిరుగుతున్నాడు. డాక్టరు ఇద్దరినీ చూసి, ఆమెకు అల్ట్రాసౌండ్, అతనికి సీటీ స్కాన్ రాశారు.

ఆమె భర్తకు మనసులో ఏదో వెలితి. "డాక్టరుగారూ, ఆయనకు పెద్ద స్కానింగ్ రాశారు. ఖర్చు సంగతి మీరేం ఆలోచించకండి, మా ఆవిడకు కూడా అదే తీయించండి" అంటాడు. ఏ ఆసుపత్రి వరండాలోనైనా రోజూ వినిపించే మాటే ఇది. ఎక్స్‌రే కంటే అల్ట్రాసౌండ్ ఒక మెట్టు పైన, దానికంటే సీటీ, అన్నిటికంటే ఎమ్మారై పైమెట్టు అని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ధరలు కూడా ఇంచుమించు ఆ వరసలోనే ఉండటంతో నమ్మకం మరింత బలపడింది. నిజానికి ఆ రాత్రి ఆమెకు సీటీ తీసి ఉంటే, నొప్పికి కారణమైన రాయి కనపడకుండా పోయే అవకాశం ఉంది.

ఆమెది పిత్తాశయంలో, అంటే గాల్‌బ్లాడర్‌లో రాయి. అతనిది కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే నాళంలో రాయి. రెండిటినీ రాళ్లనే అంటున్నా పదార్థం వేరు, ఉన్న చోటు వేరు. ఈ నాలుగు యంత్రాలూ శరీరాన్ని నాలుగు వేర్వేరు ప్రశ్నలు అడుగుతాయి. ఆ ప్రశ్నలేమిటో తెలుసుకోవడానికి ఈ రెండు రాళ్లకంటే మంచి దారి లేదు.

ముందుగా అన్నిటికంటే పాతదైన ఎక్స్‌రే. 1895 నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టారు. ఆ డిసెంబరులో ఆయన తన భార్య చేతిని తీసిన చిత్రంలో వేళ్ల ఎముకలు, ఉంగరం స్పష్టంగా కనిపించాయి. కండ మాత్రం పలచటి మసకలా మిగిలింది. ఎక్స్‌రే బలమూ బలహీనతా రెండూ ఆ మొదటి చిత్రంలోనే ఉన్నాయి. కిరణాలు శరీరంలోంచి దూసుకుపోతూ, అడ్డొచ్చిన పదార్థాన్నిబట్టి కొంత ఆగిపోతాయి. గాలి దాదాపు ఆపదు కాబట్టి అక్కడ ఫిల్మ్ నల్లగా ఉంటుంది. ఎముకలోని కాల్షియం బాగా ఆపుతుంది కాబట్టి అక్కడ తెల్లగా ఉంటుంది. లోహం ఇంకా తెల్లన. కొవ్వు కొంచెం బూడిద రంగు. మిగిలినవన్నీ, అంటే కాలేయం, కండ, రక్తం, పిత్తరసం, మూత్రం, కిరణాల దృష్టిలో నీళ్లతో సమానం. ఇంచుమించు ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి.

ఇప్పుడు ఆమె కడుపు ఎక్స్‌రే ఊహించండి. పిత్తాశయపు రాళ్లలో ఎక్కువ భాగం కొలెస్ట్రాల్‌తోనో, పిత్తరసంలోని రంగు పదార్థాలతోనో తయారవుతాయి. వాటిలో కాల్షియం తక్కువ. అందుకే నూటికి పది నుంచి ఇరవై రాళ్లు మాత్రమే ఎక్స్‌రేలో కనిపిస్తాయి. మిగతావి కాలేయపు బూడిద రంగులో కలిసిపోతాయి. మేస్త్రి రాయి సంగతి వేరు. కిడ్నీ రాళ్లలో చాలావరకు కాల్షియం ఉంటుంది కాబట్టి అవి తెల్లటి చుక్కల్లా కనిపించవచ్చు. అయితే ఎక్స్‌రేలో ముందున్నదీ వెనకున్నదీ అన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. చిన్న రాయిని వెన్నెముక పక్క ఎముకో, పేగులోని మలమో కప్పేస్తుంది. పొత్తికడుపులోని సిరల్లో వయసుతోపాటు గట్టిపడే చిన్న చిన్న సున్నపు గుండ్లు రాళ్లలాగే కనిపించి తప్పుదారి పట్టిస్తాయి. యూరిక్ ఆమ్లంతో ఏర్పడిన రాయి అసలు కనిపించదు. కాబట్టి ఎక్స్‌రేలో రాయి లేదంటే నిజంగా లేదని అర్థం కాదు.

అలాగని ఎక్స్‌రేని తక్కువ చేసి చూడటం పెద్ద పొరపాటు. గాలికీ, ఎముకకూ సంబంధించిన ప్రశ్న ఏదైనా దానికి ఇది మొదటి సమాధానం. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటుంది. అందులో న్యుమోనియా చేరినా, క్షయ మచ్చ పడినా, నీరు నిండినా నలుపులో తెలుపు తేలిపోతుంది. ఎముక విరుగుడు సరేసరి. కడుపులో పుండు చిల్లుపడిందన్న అనుమానం వస్తే డాక్టర్లు రోగిని నిలబెట్టి ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు. కడుపునొప్పికి ఛాతీ ఫిల్మ్ ఎందుకని బంధువులు ఆశ్చర్యపోతారు. చిల్లులోంచి బయటపడిన గాలి, మనిషి నిలబడగానే పైకి లేచి డయాఫ్రమ్ కింద నల్లటి నెలవంకలా చేరుతుంది. ఆ నెలవంక కనిపిస్తే చాలు, సర్జన్‌కు ఫోన్ వెళ్లిపోతుంది. కొన్ని వందల రూపాయల ఫిల్మ్ ఒక ప్రాణాన్ని ఆపరేషన్ థియేటర్ వరకూ తీసుకెళ్లే సందర్భం అది.

ఎక్స్‌రేకు ఉన్న అసలు చిక్కు, అన్నీ ఒకదానిమీద ఒకటి పడటం. దాన్ని విడదీసినవాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు. గ్రామఫోన్ రికార్డులకు పేరుపడిన ఇఎమ్ఐ కంపెనీలో పనిచేసేవారు. ఒకే దిక్కునుంచి కాకుండా చుట్టూ తిప్పుతూ ఎక్స్‌రే కిరణాలు పంపి, ప్రతి కోణంలోనూ ఎంత కిరణం ఆగిందో కొలిస్తే, లోపల ఏ బిందువులో ఎంత సాంద్రత ఉందో కంప్యూటర్ లెక్కకట్టగలదని ఆయన ఆలోచన. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో, మెదడులో గడ్డ ఉందని అనుమానించిన ఒక మహిళకు మొదటి సీటీ స్కాన్ తీశారు. 1979లో ఆయనకూ, అంతకుముందే ఆ లెక్కలు కట్టిన అలన్ కార్మాక్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది.

సీటీ కూడా ఎక్స్‌రే కిరణాలతోనే పనిచేస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. అది అడిగే ప్రశ్న మారలేదు, "ఇక్కడున్న పదార్థం కిరణాన్ని ఎంత ఆపుతుంది?" అన్నదే. మారింది జవాబులోని స్పష్టత. ప్రతి చిన్న బిందువుకూ ఒక అంకె వస్తుంది. ఆ అంకెలకు హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. నీరు సున్నా, గాలి మైనస్ వెయ్యి, కొవ్వు మైనస్ వంద దగ్గర, కండా కాలేయమూ యాభై అటూఇటూ, గట్టి ఎముక వెయ్యి దాటి.

మేస్త్రికి ఈ అంకెలే మేలు చేస్తాయి. మూత్రనాళం, చుట్టూ ఉన్న కండ సున్నాకీ యాభైకీ మధ్య ఉంటే, అందులో ఇరుక్కున్న రాయి కొన్ని వందల అంకెతో తెల్లగా మెరుస్తుంది. ఎక్స్‌రేలో దొరకని యూరిక్ ఆమ్లపు రాయి కూడా ఇక్కడ మూడు నాలుగు వందల దగ్గర తేలుతుంది. దీనికి ఏ ఇంజెక్షనూ అక్కర్లేదు. పైగా ఇవ్వకపోవడమే మంచిది. రక్తనాళాల్లోకి ఇచ్చే అయోడిన్ మందు మూత్రంలోకి దిగాక అదీ తెల్లగా కనిపించి రాయిని దాచేస్తుంది. టేబుల్ మీద పడుకుని ఒకటి రెండుసార్లు ఊపిరి బిగబట్టేలోగా స్కాన్ పూర్తవుతుంది.

రిపోర్టులో ఏముంటుందో చూస్తే, ఇంత ఖచ్చితత్వం ఎందుకు కావాలో తెలుస్తుంది. "మూత్రనాళం మూత్రాశయంలోకి చేరే చోట 4 మి.మీ. రాయి, పైన కిడ్నీలో స్వల్ప వాపు" అని వచ్చిందనుకోండి. అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు, అందులోనూ కిందికి దిగినవి, చాలావరకు వాటంతటవే పడిపోతాయి. నొప్పి మందు, నీళ్లు, కొన్నాళ్ల ఓపిక. అదే రాయి 10 మి.మీ. ఉంటే తనంతట పడిపోవడం అరుదు. అప్పుడు రాయి అంకె కూడా పనికొస్తుంది. వెయ్యి దాటిన రాయి బాగా గట్టిది, బయటినుంచి తరంగాలతో పగలగొట్టే చికిత్సకు సులభంగా లొంగదు. అలాంటప్పుడు యూరాలజిస్టు నేరుగా గొట్టం ద్వారా లేజర్‌తో పగలగొట్టే దారి ఎంచుకోవచ్చు.

ఇక ఆమె సంగతి. కొలెస్ట్రాల్ రాయి హౌన్స్‌ఫీల్డ్ అంకె, దాని చుట్టూ ఉన్న పిత్తరసపు అంకెకు చాలా దగ్గరగా ఉండవచ్చు. రెండూ ఒకే బూడిద రంగులో ఉంటే కంప్యూటర్ ఎంత పెద్దదైనా విడదీయడానికి ఏమీ లేదు. అందుకే సీటీలో ప్రతి అయిదు పిత్తాశయపు రాళ్లలో దాదాపు ఒకటి తప్పిపోతుంది. ఆమె భర్త అడిగిన పెద్ద స్కానింగ్ తీసి, "రాళ్లు కనిపించలేదు" అని రాస్తే, గ్యాస్ నొప్పి అని ఇంటికి పంపేసే ప్రమాదం ఉంది.

అల్ట్రాసౌండ్ అడిగే ప్రశ్న పూర్తిగా వేరు. దానికి సాంద్రతతో పనిలేదు, శబ్దం తిరిగి వస్తుందా అన్నదే దాని విచారణ. మన చెవికి సెకనుకు ఇరవై వేల కంపనాల వరకే వినపడుతుంది. స్కానింగ్ గదిలోని ప్రోబ్ సెకనుకు ఇరవై లక్షలనుంచి కోటిన్నర కంపనాల శబ్దాన్ని పంపుతుంది. బావిలోకి తొంగిచూసి అరిస్తే గోడకు తగిలి మన గొంతే మనకు వినిపించినట్టు, ఆ శబ్దం ఒక కణజాలంనుంచి మరోదానికి మారే ప్రతి హద్దు దగ్గరా కొంత వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి, ఎంత బలంగా వచ్చిందో లెక్కకట్టి యంత్రం చిత్రం గీస్తుంది. రేడియేషన్ లేదు. 1958లో గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ తన సహచరులతో కలిసి కడుపులోని గడ్డలను, గర్భాన్ని ఈ పద్ధతిలో చూడటంపై పరిశోధన పత్రం ప్రచురించాక ఇది వైద్యంలో పాతుకుపోయింది.

పిత్తాశయం దీనికి సరిగ్గా సరిపోయిన అవయవం. చర్మానికి దగ్గరగా, కాలేయం నీడన ఉంటుంది. నిండా ద్రవమే కాబట్టి తెరమీద నల్లటి సంచిలా కనిపిస్తుంది. అందులో రాయి ఉంటే, అది ఏ పదార్థంతో తయారైనా సరే గట్టిది కాబట్టి, శబ్దం దాన్ని తగిలి వెనక్కి వచ్చేస్తుంది. రాయి తెల్లటి గీతలా మెరుస్తుంది, దాని వెనక శబ్దం చేరని నల్లటి నీడ పడుతుంది. డాక్టరు ఆమెను ఎడమ పక్కకు తిరగమంటారు. రాయి దొర్లితే, అది గోడకు అంటిన కండ పెరుగుదల కాదని తేలిపోతుంది. గోడ మందం కూడా కొలుస్తారు. మూడు మిల్లీమీటర్లు దాటి, చుట్టూ నీరు చేరి, ప్రోబ్‌తో సరిగ్గా పిత్తాశయం మీద నొక్కినప్పుడు ఆమె "అమ్మా" అని ఊపిరి ఆపేస్తే, అది మామూలు రాయి కాదు, వాచిన పిత్తాశయం. మనిషిని కదిలిస్తూ, అడుగుతూ, నొప్పి ఎక్కడుందో చిత్రంతో జతచేస్తూ చూసే అవకాశం మిగతా మూడు యంత్రాలకూ లేదు.

ఈ స్కాన్‌కు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రమ్మనడానికి కారణం కూడా ఇదే. అన్నం తినగానే, ముఖ్యంగా నూనె వంటకాలు తింటే, పిత్తాశయం ముడుచుకుని రసాన్ని పేగులోకి వదిలేస్తుంది. ముడుచుకున్న సంచిలో రాళ్లు వెతకడం కష్టం. పొత్తికడుపు స్కాన్‌కు నీళ్లు తాగి మూత్రం ఆపుకోమనడానికి కారణం వేరు. నిండిన మూత్రాశయం గాలి ఉన్న పేగులను పక్కకు నెడుతుంది.

ఆ గాలే అల్ట్రాసౌండ్‌కు బద్ధశత్రువు. గాలి తగలగానే శబ్దం దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది, వెనకాల ఏముందో కనిపించదు. చర్మం మీద చల్లగా రాసే జెల్ కూడా ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య సన్నటి గాలిపొర లేకుండా చేయడానికే. ఎముక కూడా అంతే, దాటనివ్వదు. మేస్త్రి మూత్రనాళం కొన్ని మిల్లీమీటర్ల సన్నటి గొట్టం, వెన్ను పక్కన లోతుగా, గాలి నిండిన పేగుల వెనక ఉంటుంది. నడిమి భాగంలో ఇరుక్కున్న రాయి అల్ట్రాసౌండ్‌కు తరచూ దొరకదు. కిడ్నీలో ఉన్న రాయి, రాయి అడ్డుపడి కిడ్నీ వాచడం, మూత్రాశయం అంచున దిగిన రాయి, ఇవి మాత్రం దొరుకుతాయి.

అందుకే కిడ్నీ రాయి అనుమానంలో కూడా చాలామంది డాక్టర్లు ముందు అల్ట్రాసౌండే రాస్తారు. గర్భిణి అయితే, పిల్లలయితే ఆ వరస దాదాపు తప్పనిసరి. అమెరికాలో 15 ఆసుపత్రుల ఎమర్జెన్సీల్లో రెండున్నర వేలకు పైగా రోగులతో చేసి, 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ముందు అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టి అవసరమైతేనే సీటీకి వెళ్లినవారికి, నేరుగా సీటీ తీసినవారితో పోలిస్తే ప్రమాదాలేమీ పెరగలేదని తేలింది. వారి ఒంట్లోకి చేరిన రేడియేషన్ మాత్రం తగ్గింది. మేస్త్రికి సీటీ రాయడం తప్పు కాదు. జ్వరం వచ్చినా, నొప్పి మందుకు తగ్గకపోయినా, ఆపరేషన్ ఆలోచన ఉన్నా అదే కావాలి. గతంలో నాలుగుసార్లు ఇదే నొప్పి వచ్చిన పాతికేళ్ల కుర్రాడికి అయిదోసారి కూడా సీటీ తీయాలా అన్నది మాత్రం డాక్టరు ఆగి ఆలోచించే ప్రశ్న.

ఆ ఆలోచన ఎందుకంటే, సీటీలో కిరణాలు చాలాసార్లు చుట్టూ తిరుగుతాయి. ఛాతీ ఎక్స్‌రే ఒక్కదానికి ఒంటికి చేరే మోతాదు 0.1 మిల్లీసీవర్ట్ లేదా అంతకంటే తక్కువ. మామూలు కడుపు సీటీకి 8 నుంచి 10 వరకూ ఉంటుంది. నేలలోంచి, ఆకాశంలోంచి, తినే తిండిలోంచి ప్రతి మనిషికీ ఏడాదికి సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4. అంటే ఒక కడుపు సీటీ మూడు నాలుగేళ్ల సహజ మోతాదుకు సమానం. ఒక్క స్కాన్‌వల్ల కలిగే ముప్పు చాలా చిన్నది, ప్రాణాపాయంలో దాని గురించి ఆలోచించకూడదు. ఊరికే "ఒకసారి చూసుకుందాం" అని తీయించుకోవడానికి మాత్రం అది తగినది కాదు. రాయి వెతకడానికి తక్కువ మోతాదుతో తీసే పద్ధతి చాలా సెంటర్లలో ఉంది. రాయి బాగా తెల్లగా మెరుస్తుంది కాబట్టి చిత్రం కాస్త గరుకుగా ఉన్నా నష్టం లేదు.

మరి ఎమ్మారై? ఆమె కథ ఇంకాస్త ముందుకు సాగితే దాని వంతు వస్తుంది. రెండు రోజుల తర్వాత ఆమె కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు రంగుకు తిరిగింది అనుకోండి. రాయి పిత్తాశయంలోంచి జారి, పిత్తరసం పేగులోకి పోయే సన్నటి నాళంలో అడ్డుపడిందని అనుమానం. ఆ నాళం కింది కొస చిన్నపేగు మొదటి భాగం వెనక ఉంటుంది. అక్కడ గాలి. అల్ట్రాసౌండ్ నాళం ఉబ్బిందని చెప్పగలదు, కారణం చూపలేకపోవచ్చు. ఇప్పుడు డాక్టరు ఎమ్మార్‌సీపీ రాస్తారు. అది ఎమ్మారైలోనే ఒక రకం.

ఎమ్మారై అడిగే ప్రశ్న సాంద్రతా కాదు, ప్రతిధ్వనీ కాదు. "ఇక్కడ హైడ్రోజన్ ఎంత ఉంది, అది ఏ స్థితిలో ఉంది?" అని అడుగుతుంది. మన ఒంట్లో నీరూ కొవ్వూ ఉన్న ప్రతిచోటా హైడ్రోజన్ ఉంటుంది. బలమైన అయస్కాంతంలో ఆ హైడ్రోజన్ కేంద్రకాలు ఒక దిశకు సర్దుకుంటాయి. రేడియో తరంగంతో వాటిని కదిలించి ఆపేస్తే, తిరిగి సర్దుకుంటూ అవి కూడా సన్నటి రేడియో సంకేతం విడుదల చేస్తాయి. స్వేచ్ఛగా ఉన్న నీటిలో అవి సర్దుకునే వేగం ఒకటి, కొవ్వులో ఒకటి, మెదడు కణాల్లో మరొకటి. ఈ తేడాలనే చిత్రంగా మారుస్తారు. ఈ పద్ధతికి బాటలు వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి దక్కింది.

రాయిలో సంకేతం ఇచ్చే హైడ్రోజన్ దాదాపు లేదు. కాబట్టి ఎమ్మారైకి రాయి కనిపించదు, రాయి లేని చోటే కనిపిస్తుంది. ఎమ్మార్‌సీపీలో నిలకడగా ఉన్న ద్రవం తెల్లగా వెలిగేలా యంత్రాన్ని అమర్చుతారు. పిత్తనాళం తెల్లటి గొట్టంలా కనిపిస్తుంది, మధ్యలో నల్లటి రంధ్రం పడితే అదే రాయి. ఇంజెక్షన్ లేకుండా, ఎండోస్కోపీ లేకుండా తెలిసిపోతుంది. రాయి నాళంలో ఉందని రూఢి అయ్యాకే నోటిలోంచి గొట్టం దింపి దాన్ని తీసే ప్రక్రియకు పంపుతారు. ఆ ప్రక్రియవల్ల క్లోమం వాచే ప్రమాదం కొంత ఉంది కాబట్టి ఊరికే చూడటానికి దాన్ని చేయరు.

మేస్త్రి రాయికి ఇదే యంత్రం అంతగా పనికిరాదు. అతని నాళంలోని కాల్షియం రాయి ఎమ్మారైలో ఒక చిన్న నల్లటి చుక్క. రక్తపు గడ్డ అయినా, గాలి బుడగ అయినా అలాగే కనిపించవచ్చు. రాయి పరిమాణం, గట్టిదనం చెప్పడంలో ఎంత ఖరీదైన ఎమ్మారై అయినా సీటీకి సాటి రాదు.

కడుపు వదిలి తలకు వస్తే, ఎంపికలో మరో అంశం తోడవుతుంది. అది సమయం. ఉదయం లేచేసరికి నోరు వంకరపోయి కుడి చెయ్యి పడిపోయిన మనిషిని తీసుకొస్తే, న్యూరాలజీ చదివిన డాక్టరు కూడా ముందు మామూలు సీటీనే తీయిస్తారు. పక్షవాతానికి కారణం రెండు రకాలు. మెదడు రక్తనాళం మూసుకుపోవడం ఒకటి, చిట్లిపోవడం ఇంకొకటి. మూసుకుపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి, మామూలుగా నాలుగున్నర గంటల్లోపు. చిట్లినవాడికి అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం పోతుంది. కాబట్టి మొదటి నిమిషాల్లో తేలాల్సింది ఒక్కటే. లోపల రక్తం కారుతోందా?

తాజా రక్తం అంకె అరవై డెబ్భై దగ్గర, మెదడు అంకె ముప్పై నలభై మధ్య. అందుకే కారిన రక్తం సీటీలో మొదటి నిమిషం నుంచే తెల్లగా కనిపిస్తుంది, స్కాన్ కొన్ని సెకన్లలో అయిపోతుంది. రక్తనాళం మూసుకుపోయిన పక్షవాతంలో మాత్రం మొదటి కొన్ని గంటలు సీటీ పూర్తిగా మామూలుగా కనిపించవచ్చు. ఇక్కడే కుటుంబాలు మోసపోతాయి. "సీటీ నార్మల్ అన్నారు కదా, ఏమీ లేదు" అని ఇంటికి తీసుకెళ్లేవారున్నారు. ఆ సమయంలో నార్మల్ సీటీ అంటే "రక్తస్రావం లేదు, ఇంజెక్షన్ ఇవ్వడానికి ఆ అడ్డంకి లేదు" అని డాక్టరుకు అందిన కబురు. పక్షవాతం రాలేదని కాదు.

ఎమ్మారైలో నీటి కదలికను కొలిచే ప్రత్యేక పద్ధతి ఉంది. మూసుకుపోయిన భాగంలో కణాలు ఉబ్బి నీరు కదలలేకపోతుంది, అది నిమిషాల్లోనే తెల్లగా తేలుతుంది. చిన్న పక్షవాతాన్ని, మెదడు వెనక భాగంలో వచ్చినదాన్ని పట్టుకోవడంలో దానికి సాటి లేదు. తల వెనక మందమైన ఎముకలు సీటీ చిత్రంలో చారలు పెడతాయి, ఎమ్మారైకి ఆ బాధ లేదు. కానీ స్కాన్‌కు ఇరవై ముప్పై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. అంతకుముందు ఒంట్లో ఏ లోహం ఉందో కుటుంబాన్ని అడగాలి. నాళం మూసుకుపోయిన పక్షవాతంలో నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని ఒక అంచనా. అందుకే ముందు సీటీ, తర్వాత తీరికగా ఎమ్మారై.

లోహం గురించి అడిగే ప్రశ్నలను విసుక్కోకుండా జవాబు చెప్పాలి. సాధారణంగా వాడే 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంత బలానికి దాదాపు ముప్పై వేల రెట్లు. స్కాన్ జరగని సమయంలో కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆసుపత్రిలో, బంధువును స్కాన్‌కు తీసుకొచ్చిన యువకుడు ఆక్సిజన్ సిలిండర్‌తో గదిలోకి వెళ్లాడు. అయస్కాంతం సిలిండర్‌తో సహా అతన్ని లాగేసింది, అతను చనిపోయాడు. గుండెలో పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి ఎప్పుడో వేసిన పాత క్లిప్ ఉన్నవారు ముందే చెప్పి, ఆ పరికరం కార్డు చూపించాలి. లేత్ మిషన్ మీద, వెల్డింగ్ షాపులో పనిచేసేవారు కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందేమో గుర్తుచేసుకోవాలి. ఇప్పటి గుండె స్టెంట్లు, టైటానియం ప్లేట్లు చాలావరకు ఇబ్బంది పెట్టవు, అయినా చెప్పడం మానకూడదు.

ఎమ్మారై రాజ్యమేలేది వెన్నుపాములో, మోకాలి లిగమెంట్లలో, మెదడు గడ్డల్లో. మెత్తటి కణజాలాల మధ్య సన్నటి తేడాలను అంత స్పష్టంగా చూపేది ఇంకొకటి లేదు. అయితే ఆ స్పష్టతే ఒక చోట సమస్య తెస్తుంది. అది నడుంనొప్పి.

నడుంనొప్పి ఏమాత్రం లేని మూడు వేల మందికి పైగా స్కాన్లను పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక విశ్లేషణ ప్రచురితమైంది. నొప్పి లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే నూటికి 30 మందికి డిస్క్ ఉబ్బు ఉంది. యాభై ఏళ్లకు 60 మందికి, ఎనభై ఏళ్లకు 84 మందికి ఉంది. అంటే యాభై ఏళ్ల మనిషి నడుం పట్టేసి ఎమ్మారై తీయించుకుంటే, రిపోర్టులో "డిస్క్ బల్జ్" అని ఉండటానికే ఎక్కువ అవకాశం. అది నొప్పికి కారణమో, తల నెరవడంలా వయసుతో వచ్చిన మార్పో స్కాన్ ఒక్కటే చెప్పలేదు. ఆ మాట పట్టుకుని భయపడి బరువు ఎత్తడం మానేసినవారు, ఆపరేషన్ కోసం ఊళ్లు తిరిగినవారు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు. మామూలు నడుంనొప్పి చాలావరకు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, దానికి మొదటివారంలోనే స్కాన్ అవసరం రాదు. కాలు బలహీనపడుతుంటే, మూత్రం మలం మీద పట్టు తప్పితే, జ్వరం ఉంటే, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉంటే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే మాత్రం ఆ రోజే ఎమ్మారై కావాలి.

ఇందుకే రేడియాలజిస్టుకు చిత్రం ఒక్కటే చాలదు, రోగి కథ కూడా కావాలి. చాలా చీటీల మీద "ఎమ్మారై నడుం" అని మాత్రమే ఉంటుంది. "కుడి కాలి బొటనవేలు పైకి లేవడం లేదు, మూడు వారాలు" అని ఇంకో ముక్క రాస్తే, చూసే డాక్టరు అయిదు డిస్కుల్లో నాలుగో, అయిదో నడుం పూసల మధ్య ఉన్నదాన్ని, అక్కడ కుడివైపు నొక్కుకుపోతున్న నాడిని ప్రత్యేకంగా వెతుకుతారు. ఉబ్బు ఎడమవైపు ఉంటే, నొప్పికి కారణం అది కాకపోవచ్చని రాస్తారు. డాక్టరు చీటీ రాసేటప్పుడు నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఏం చేస్తే పెరుగుతోంది అని ఒక వాక్యం చేర్చమని రోగి అడగవచ్చు. పాత ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు వెంట తీసుకెళ్లాలి. కిడ్నీ సమస్య, షుగర్ మందులు, అంతకుముందు కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కు దద్దుర్లు వచ్చిన అనుభవం ఉంటే సెంటర్లో ముందే చెప్పాలి. అయోడిన్ మందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి, అలాంటివారికి క్రియాటినిన్ పరీక్ష చేసి, అవసరమైతే ఇంజెక్షన్ లేకుండానే స్కాన్ తీయాలా అని ఆలోచిస్తారు.